అమ్మమన్నది 200, నోటులో పడింది 250: బ్రోకరుకు రాసే ఫిర్యాదులో ఏముండాలి?

ప్రశ్న: నల్లగొండలో ఒక షేర్ బ్రోకరు బ్రాంచి ద్వారా లావాదేవీలు చేస్తుంటాను. సెప్టెంబరు 9న బ్రాంచికి ఫోన్ చేసి, నా డీమ్యాట్‌లో ఉన్న ఒక కంపెనీ షేర్లు 200, ఒక్కొక్కటి 640 రూపాయలకు అమ్మమని చెప్పాను. "రెండొందలు అమ్మినం, 640" అని వాళ్ల వాట్సాప్ కూడా వచ్చింది. రాత్రి మెయిల్‌లో వచ్చిన కాంట్రాక్టు నోటులో మాత్రం 250 అమ్మినట్టు ఉంది. ఆ మిగతా 50 నా దగ్గర లేనే లేవు. 11వ తేదీన లెడ్జర్‌లో ఆక్షన్ పేరుతో 35,100, పెనాల్టీ పేరుతో 500 రూపాయలు కోసేశారు. అడిగితే "మీరే చెప్పిండ్రు" అంటున్నారు. ఫిర్యాదు ఎవరికి రాయాలి, అందులో ఏమేం ఉండాలి?
— ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మీ ఫిర్యాదు ఆక్షన్ ఖర్చుతో కాకుండా ఆర్డరుతో మొదలుకావాలి. ఇలాంటి సందర్భాల్లో చాలామంది "నా ఖాతాలో 35,100 అన్యాయంగా కోశారు" అని మొదలుపెడతారు. దానికి బ్రోకరు కార్యాలయం నుంచి "షేర్లు ఇవ్వలేకపోతే క్లియరింగ్ కార్పొరేషన్ ఆక్షన్ నిర్వహిస్తుంది, అది నిబంధన, అందులో మా ప్రమేయం లేదు" అనే జవాబు వస్తుంది, ఆ జవాబులో తప్పు కూడా ఉండదు. షేర్లు తక్కువపడ్డాక, లావాదేవీలను సెటిల్ చేసే ఆ సంస్థ వాటిని ఆక్షన్‌లో కొనడం నిజంగానే నిబంధన. మీ వివాదం అంతకు ముందటి అడుగులో ఉంది. మీరు చెప్పని 50 షేర్ల అమ్మకాన్ని మీ పేరున ఎవరు, ఏ ఆధారంతో వేశారన్నదే అసలు ప్రశ్న. సెటిల్‌మెంటు విఫలం కావడం దాని ఫలితం మాత్రమే కాబట్టి, కాగితం మీద కూడా ఈ రెండూ అదే వరుసలో రావాలి.

జరిగిన క్రమాన్ని ఒకసారి చూస్తే ఇది తేటపడుతుంది. మన దేశంలో 2023 జనవరి 27 నుంచి షేర్ల కొనుగోళ్లు, అమ్మకాలు సాధారణంగా టీ ప్లస్ వన్ పద్ధతిలో, అంటే లావాదేవీ జరిగిన మరుసటి పనిదినాన సెటిల్ అవుతున్నాయి. 9వ తేదీ మంగళవారం మీ క్లయింటు కోడ్ మీద 250 షేర్లు అమ్ముడుపోయాయి కాబట్టి 10వ తేదీ బుధవారం మీ డీమ్యాట్ నుంచి 250 షేర్లు క్లియరింగ్ కార్పొరేషన్‌కు చేరాలి. చేరినవి 200 మాత్రమే. మిగిలిన 50 షేర్లు కొనుక్కున్న వ్యక్తికి ఎలాగైనా అందాలి కనుక క్లియరింగ్ కార్పొరేషన్ అదే రోజు ఆక్షన్‌లో వాటిని 702 రూపాయల చొప్పున కొని, 11వ తేదీన ఆయనకు ఇచ్చింది. ఆ ధర భారాన్ని షేర్లు ఇవ్వని అమ్మకందారు ఖాతా మీద వేశారు. ఆ వ్యవస్థ తన పని తాను చేసింది. మీ కోడ్ మీద 50 షేర్ల బాధ్యత వచ్చిపడిన చోటనే తప్పు జరిగింది.

కనుక ముందుగా కాంట్రాక్టు నోటు తీసి, మొత్తం సంఖ్యను వదిలిపెట్టి, ఆర్డరు నంబరు ఉన్న వరుసను చూడండి. ప్రతి లావాదేవీకీ ఆర్డరు నంబరు, ఆర్డరు వేసిన సమయం, ట్రేడు నంబరు, ట్రేడు జరిగిన సమయం, పరిమాణం, ధర అందులో ఉంటాయి. ఒకే ఆర్డరు అనేక చిన్న ట్రేడులుగా పూర్తికావచ్చు కాబట్టి ట్రేడు నంబర్లు ఎక్కువగా కనిపిస్తే కంగారుపడనక్కరలేదు. ఆర్డరు నంబరు ఒకటే ఉందా, రెండున్నాయా అన్నదే మీకు కావలసిన సంగతి. 250 షేర్లకూ ఒకే ఆర్డరు నంబరు ఉంటే, డీలరు మీ ఆర్డరును టైపు చేసేటప్పుడు అంకె తప్పు కొట్టాడనుకోవచ్చు. 200కు ఒక నంబరు, 50కి వేరే నంబరు, వేరే సమయం ఉంటే కథ మారుతుంది. ఆ 50 మరొక ఖాతాదారు ఆర్డరు అయి ఉండి, క్లయింటు కోడ్ తప్పుగా కొట్టడం వల్ల మీ మీద పడి ఉండవచ్చు, లేదా మీకు తెలియకుండా మీ ఖాతాలో వేరే వ్యాపారం చేసి ఉండవచ్చు. రెండో సందర్భంలో మీ ఫోన్ సంభాషణ ముగిసిన సమయానికీ ఆ 50 షేర్ల ఆర్డరు సమయానికీ ఉన్న తేడాయే మీకు పెద్ద సాక్ష్యం. మీ ఫోన్‌లోని కాల్ చరిత్ర చెరిగిపోకముందే దాన్ని తెరచి ఫొటో తీసి పెట్టుకోండి.

తరువాత, బ్రోకరు చేతిలో లేని రెండు రికార్డులను మీరే తెచ్చుకోవాలి. మొదటిది ఎక్స్ఛేంజి దగ్గరిది. రోజు చివర ఎక్స్ఛేంజి నేరుగా ఖాతాదారు మొబైలుకు, మెయిలుకు లావాదేవీ వివరం పంపుతుంది. దానికితోడు ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ రెండింటి వెబ్‌సైట్లలోనూ ట్రేడ్ వెరిఫికేషన్ అనే సదుపాయం ఉంది. అక్కడ మీ ట్రేడు వివరాలు ఇస్తే ఆ లావాదేవీ ఎక్స్ఛేంజిలో నిజంగా జరిగిందో లేదో తెలుస్తుంది. అది లావాదేవీ తరువాత కొద్ది రోజులే అందుబాటులో ఉంటుంది కనుక అనుమానం వచ్చిన రోజునే చూసుకోవాలి. మీకు ఆ గడువు దాటిపోయి ఉంటే ఎక్స్ఛేంజి పంపిన ఎస్ఎంఎస్, మెయిల్ వెతకండి. అవి ఎన్నడూ రాలేదంటే, మీ ఖాతాలో నమోదైన మొబైలు నంబరు, మెయిలు చిరునామా అసలు మీవేనా అని సరిచూడండి. ఖాతా తెరిచేటప్పుడు "మెయిల్ లేకపోతే మాది పెడతాం" అన్న బ్రాంచి మనిషి మాట నమ్మి ఆయన వివరాలు ఇచ్చినవారు మన జిల్లాల్లో తక్కువేమీ లేరు. అది ఈ వివాదం కంటే పెద్ద ప్రమాదం, వెంటనే మార్పించుకోవలసిన విషయం.

రెండో రికార్డు మీ షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో దాచే డిపాజిటరీది. మీ డీమ్యాట్ ఖాతా సీడీఎస్‌ఎల్‌లో ఉంటే దాని ఆన్‌లైన్ సదుపాయమైన ఈజీ ద్వారా, ఎన్‌ఎస్‌డీఎల్‌లో ఉంటే ఐడియాస్ ద్వారా, 8వ తేదీ నుంచి 11వ తేదీ వరకు స్టేట్‌మెంటు తీసుకోండి. 9వ తేదీకి ముందు ఆ కంపెనీ షేర్లు సరిగ్గా 200 ఉన్నాయని, సెటిల్‌మెంటుకు పోయినవి కూడా 200 మాత్రమేనని అది చూపుతుంది. చేతిలో 200 మాత్రమే ఉన్నవాడు 250 అమ్మమని ఎందుకు చెబుతాడన్న సహజమైన ప్రశ్నకు ఈ ఒక్క కాగితం బలాన్నిస్తుంది. అయితే ఇది ఒక్కటే చాలదు. ఉన్నదానికంటే ఎక్కువ అమ్మి సాయంత్రంలోగా తిరిగి కొనే ఇంట్రాడే వ్యాపారులు ఉంటారు కాబట్టి, మీదీ అలాంటి ఆర్డరే అని వాళ్లు వాదించవచ్చు. మీకు ఇంట్రాడే అలవాటు లేకపోతే, గత ఏడాది లెడ్జరు జతచేసి ఒక్క ఇంట్రాడే లావాదేవీ కూడా లేదని చూపండి.

ఇక ఈ వివాదానికి గుండెకాయ వంటి విషయానికి వస్తాను. ఆర్డరు మీరే ఇచ్చారని రుజువు చేయవలసింది బ్రోకరు. ఇవ్వలేదని రుజువు చేసే భారం మీ మీద లేదు. ఖాతాదారుల అనుమతి లేని లావాదేవీలను అరికట్టడానికి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2017 సెప్టెంబరులో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, ఖాతాదారు ఆర్డరు ఇచ్చినట్టు ఆధారం ఉన్నాకే బ్రోకరు లావాదేవీ చేయాలి. ఆ ఆధారం ఖాతాదారు సంతకంతో రాసిచ్చిన కాగితం కావచ్చు, ఫోన్ రికార్డింగు కావచ్చు, మెయిలు, ఎస్ఎంఎస్, ఇంటర్నెట్ లావాదేవీ లాగ్ కావచ్చు. వివాదం వచ్చినప్పుడు దాన్ని చూపవలసిన బాధ్యత బ్రోకరుదే, వివాదం లేచాక అది తేలేవరకు దాన్ని భద్రపరచవలసిన బాధ్యతా అతనిదే. అందుచేత "మీరే చెప్పిండ్రు" అన్న నోటిమాట జవాబు కాదు. ఆ మాట ఎక్కడ రికార్డయిందో వినిపించమని రాతపూర్వకంగా అడగండి. బ్రాంచిలో రికార్డింగు ఉన్న ల్యాండ్‌లైనుకు కాకుండా డీలరు సొంత సెల్‌ఫోనుకు మీరు చేసి ఉంటే రికార్డింగు లేకపోవచ్చు. ఆ లోపం కూడా బ్రోకరు ఖాతాలోకే వెళుతుంది.

అదే సర్క్యులర్‌లో మీరు జాగ్రత్తపడవలసిన భాగం కూడా ఉంది. సాంకేతిక లోపం వంటి అసాధారణ కారణాలతో బ్రోకరు ఆర్డరు ఆధారాన్ని చూపలేకపోతే, ఆ కారణాల బలాబలాలను బట్టి ఇతర సాక్ష్యాలను పరిశీలించవచ్చు. లావాదేవీ జరిగాక ఖాతాదారు దాన్ని ధ్రువీకరించడం, ఆ లావాదేవీ డబ్బును స్వీకరించడం అటువంటి సాక్ష్యాలే. కాబట్టి ఇప్పుడు బ్రాంచి నుంచి ఎవరైనా "ఒక్కసారి ఓకే అని మెసేజ్ పెట్టండి, పైవాళ్లతో మాట్లాడి సర్దుతం" అంటే పెట్టకండి. పాత తేదీతో ఆర్డరు స్లిప్పు మీద సంతకం అడిగినా చేయకండి. లెడ్జర్‌లో మిగిలిన సొమ్మును తీసుకోవచ్చు, అది మీదే. కానీ తీసుకునే ముందు "200 షేర్ల అమ్మకానికి సంబంధించిన సొమ్ముగా మాత్రమే స్వీకరిస్తున్నాను, 50 షేర్ల లావాదేవీని నేను ఒప్పుకోవడం లేదు" అని ఒక మెయిలు పెట్టి తీసుకోండి.

"కాంట్రాక్టు నోటు రాత్రే వచ్చింది కదా, అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అని కూడా వాళ్లు అడుగుతారు. కాంట్రాక్టు నోటును లావాదేవీ జరిగిన 24 గంటల్లోగా పంపాలన్నది నియమం. తేడాలుంటే వెంటనే తెలపాలని నోటు అడుగున ఒక వాక్యం అచ్చువేసే బ్రోకర్లు ఉన్నారు. మీరు ఆ రాత్రే గాని, మరునాడు గాని అభ్యంతరం చెప్పి ఉంటే దాని ఆధారాన్ని తప్పక జతచేయండి. చెప్పకపోయినా నిరుత్తరులు కావలసిన పని లేదు. మంగళవారం మధ్యాహ్నం మూడున్నరకు మార్కెట్ మూసేశాక ఆ 50 షేర్ల కొరతను తీర్చడం మీ చేతిలో లేదు. బుధవారం ఉదయం మీరు 50 షేర్లు కొన్నా అవి గురువారం గాని మీ డీమ్యాట్‌లోకి రావు, ఇవ్వవలసిన గడువేమో బుధవారమే. టైపు పొరపాటయితే ఆ ట్రేడును మీ కోడ్ నుంచి తప్పించి తన ఎర్రర్ ఖాతాకు మార్చుకునే అవకాశం బ్రోకరుకు ఉంటుంది, అదీ లావాదేవీ జరిగిన రోజున మార్కెట్ ముగిశాక కొద్దిసేపే. పైగా ఆ సమయంలో మీ చేతిలో ఉన్నది 200 అని చెబుతున్న వాళ్ల సొంత వాట్సాప్. మీరు నిశ్చింతగా ఉండడానికి కారణం ఆ సందేశమేనని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి. ఆ సంభాషణను స్క్రీన్‌షాట్ తీయడంతో ఆగకుండా, వాట్సాప్‌లోనే ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిలుకు పంపుకోండి. పంపిన నంబరు, తేదీ, సమయం కనిపించాలి.

ఇప్పుడు ఎంత అడగాలన్నది చూద్దాం. మీరు 35,600 తిరిగి ఇవ్వమంటే ఫిర్యాదు బలహీనపడుతుంది, ఎందుకంటే మీకు లేని 50 షేర్లను అమ్మగా వచ్చిన 32,000 కూడా మీ లెడ్జర్‌లోనే జమ అయింది. ఆ లావాదేవీ మీది కాదంటే దాని ఖర్చుతోపాటు దాని జమ కూడా మీది కాదు. 50 షేర్లకు 640 చొప్పున జమ 32,000, ఆక్షన్‌లో 702 చొప్పున ఖర్చు 35,100, తేడా 3,100. దానికి పెనాల్టీ 500 కలపండి. ఆ 50 షేర్ల వంతుగా నోటులో పడిన బ్రోకరేజి, దాని మీద జీఎస్టీ, షేర్ల లావాదేవీ మీద పడే పన్ను ఎస్‌టీటీ కూడా మీవి కావు. మీ బ్రోకరేజి నూటికి 30 పైసలనుకుంటే 32,000 మీద 96 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 17 చిల్లర, అమ్మకం మీద 0.1 శాతం ఎస్‌టీటీ 32 రూపాయలు, వెరసి సుమారు 145. అంటే మీ నష్టం దాదాపు 3,745 రూపాయలు. దీన్ని ఇంకొక దారిలో సరిచూసుకోవచ్చు. మీ ఖాతాలో నికరంగా ఉండవలసింది 200 షేర్ల విలువ 1,28,000 నుంచి వాటి ఛార్జీలు పోను మిగిలేది. ఇప్పుడున్నది 1,60,000 నుంచి 35,600, మొత్తం ఛార్జీలు పోను మిగిలినది. ఈ రెంటి తేడా కూడా అంతే వస్తుంది. రెండు దారుల్లో ఒకే అంకె రావడం చూసిన అధికారి మీ లెక్కను తోసిపుచ్చడం కష్టం.

పెనాల్టీ 500 సంగతి విడిగా అడగండి. అది క్లియరింగ్ కార్పొరేషన్ వేసినదా, బ్రోకరు సొంతంగా వేసినదా, వేసి ఉంటే మీరు సంతకం పెట్టిన ఛార్జీల పట్టికలో అది ఎక్కడుంది? అలాగే ఆక్షన్ నిజంగా ఎక్స్ఛేంజిలో జరిగిందా అని కూడా అడగాలి. కొన్నవారు, అమ్మినవారు ఇద్దరూ ఒకే బ్రోకరు ఖాతాదారులైనప్పుడు ఆ లావాదేవీలు బ్రోకరు స్థాయిలోనే ఒకదానికొకటి సరిపోయి, కొరత క్లియరింగ్ కార్పొరేషన్ దాకా వెళ్లకుండా లోపలే మిగిలిపోతుంది. దీనిని అంతర్గత కొరత అంటారు. పూర్వం దీన్ని ఒక్కో బ్రోకరు ఒక్కో తీరుగా, తనకు తోచిన రేటుతో పరిష్కరించేవాడు. సెబీ 2024 జూన్‌లో ఇచ్చిన సర్క్యులర్ అంతర్గత కొరతలను కూడా క్లియరింగ్ కార్పొరేషన్ ఆక్షన్ ద్వారానే తీర్చాలని, క్లియరింగ్ కార్పొరేషన్ వేసిన ఛార్జీ కంటే ఎక్కువ ఖాతాదారు మీద వేయకూడదని చెప్పింది. కాబట్టి ఆక్షన్ నంబరు, తేదీ, ధర ఉన్న కాగితాన్ని అడిగే హక్కు మీకుంది. లెడ్జర్‌లో ఆక్షన్ అని కాకుండా క్లోజ్ అవుట్ అని ఉంటే, ఆక్షన్‌లో షేర్లు దొరక్క డబ్బుతో తీర్చారని అర్థం. అప్పుడు ధర మామూలు మార్కెట్ ధర కంటే చాలా ఎక్కువగా ఉంటుంది, నష్టం కూడా ఆ మేరకు పెరుగుతుంది.

ఫిర్యాదును నల్లగొండ బ్రాంచి పేరున రాయకండి. బ్రాంచిని నడుపుతున్న వ్యక్తి బ్రోకరు ఉద్యోగి కావచ్చు, బ్రోకరు తరఫున పనిచేసే ఆథరైజ్డ్ పర్సన్ కావచ్చు. ఆయన చేసిన పనులకైనా, చేయకుండా వదిలిన పనులకైనా బాధ్యత వహించవలసింది అసలు బ్రోకరే. కాంట్రాక్టు నోటు మీద, బ్రోకరు వెబ్‌సైటులో కంప్లయన్స్ అధికారి పేరు, ఇన్వెస్టర్ గ్రీవెన్సులకు ప్రత్యేకించిన మెయిలు చిరునామా ఉంటాయి. దానికి మెయిలు పంపి, బ్రాంచికి ప్రతి ఇవ్వండి. మెయిలుతోపాటు రిజిస్టర్డు పోస్టులో కూడా పంపడం మంచిది. తెలుగులో రాయడానికి సంకోచించనక్కరలేదు కానీ, చదివే అధికారి వేరే రాష్ట్రంలో కూర్చుని ఉండవచ్చు కనుక ఇంగ్లీషు ప్రతి కూడా జతచేయండి. పాఠం సుమారుగా ఇలా ఉండవచ్చు. నంబర్ల చోట మీ నోటులో ఉన్నవి యథాతథంగా దించండి.

"కంప్లయన్స్ అధికారి గారికి,

విషయం: నేను ఇవ్వని 50 షేర్ల అమ్మకం ఆర్డరు, దానివల్ల జరిగిన సెటిల్‌మెంటు వైఫల్యం, ఆక్షన్ ఖర్చులపై ఫిర్యాదు.

నా క్లయింటు కోడ్ ఇది, డీమ్యాట్ ఖాతా నంబరు ఇది. 2025 సెప్టెంబరు 9న ఉదయం ఇన్ని గంటలకు, ఈ నా నంబరు నుంచి, మీ నల్లగొండ బ్రాంచిలోని ఈ నంబరుకు ఫోన్ చేసి, ఫలానా కంపెనీ షేర్లు 200, ఒక్కొక్కటి 640 రూపాయలకు అమ్మమని ఆర్డరు ఇచ్చాను. ఇన్ని గంటలకు మీ బ్రాంచి నుంచి 200 షేర్లు 640 చొప్పున అమ్మినట్టు వాట్సాప్ ద్వారా ధ్రువీకరణ వచ్చింది. అదే రోజు నాకు అందిన కాంట్రాక్టు నోటులో, ఈ సెటిల్‌మెంటు నంబరు కింద, 250 షేర్లు అమ్మినట్టు ఉంది. వాటిలో ఈ ఆర్డరు నంబరు, ఈ ట్రేడు నంబర్ల కింద చూపిన 50 షేర్ల అమ్మకానికి నేను ఆర్డరు ఇవ్వలేదు. ఆ రోజున నా డీమ్యాట్‌లో ఉన్నవి 200 మాత్రమే, స్టేట్‌మెంటు జతచేశాను.

ఈ 50 షేర్ల కారణంగా సెప్టెంబరు 10న కొరత ఏర్పడి, సెప్టెంబరు 11న నా లెడ్జర్‌లో ఆక్షన్ కింద 35,100, పెనాల్టీ కింద 500 రూపాయలు ఖర్చు రాశారు. ఈ 50 షేర్ల లావాదేవీ జమను, ఖర్చును రెండింటినీ నా ఖాతా నుంచి తొలగిస్తే నాకు తిరిగి రావలసిన మొత్తం 3,745 రూపాయలు, లెక్క జతచేశాను.

నేను కోరుతున్నవి: ఆ 50 షేర్లకు నేను ఆర్డరు ఇచ్చినట్టు మీ దగ్గరున్న ఫోన్ రికార్డింగు లేదా ఇతర ఆధారం ప్రతిని ఇవ్వాలి, ఈ వివాదం తేలేవరకు దానిని భద్రపరచాలి, ఆర్డరు ఏ టెర్మినల్ నుంచి ఏ సమయాన నమోదైందో తెలపాలి, ఆక్షన్ వివరాల పత్రాన్ని, పెనాల్టీకి ఆధారమైన నిబంధనను ఇవ్వాలి, పై మొత్తాన్ని నా ఖాతాకు జమచేయాలి. 200 షేర్ల అమ్మకంపై నాకు అభ్యంతరం లేదు."

ఆ చివరి వాక్యాన్ని వదిలేయకండి. మీరు వివాదం చేస్తున్నది ఎంత, ఒప్పుకుంటున్నది ఎంత అన్న గీత స్పష్టంగా ఉంటే, మొత్తం లావాదేవీ గురించి మాట మార్చారని ఎవరూ అనలేరు. ధర పెరిగాక మనసు మార్చుకుని ఫిర్యాదు చేస్తున్నారన్న అనుమానానికి కూడా అక్కడితో తావుండదు. జతపరచవలసినవి కాంట్రాక్టు నోటు, వాట్సాప్ ఎక్స్‌పోర్టు, కాల్ చరిత్ర, డిపాజిటరీ స్టేట్‌మెంటు, లెడ్జరు, మీ లెక్క కాగితం, ఎక్స్ఛేంజి ఎస్ఎంఎస్ ఉంటే అది. పాస్‌వర్డులు, ఓటీపీలు, టీపిన్ ఎవరికీ, ఏ కారణంతోనూ పంపకండి.

బ్రోకరు 21 రోజుల్లోగా పరిష్కరించాలి. జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిపోకపోయినా, సెబీ నడుపుతున్న ఫిర్యాదుల వేదిక స్కోర్స్‌లో scores.sebi.gov.in చిరునామాలో ఫిర్యాదు నమోదు చేయండి. కారణం పుట్టిన నాటి నుంచి ఏడాదిలోగా చేయాలి. అది బ్రోకరుకు వెళుతుంది, 21 రోజుల్లో తీసుకున్న చర్యపై నివేదిక రావాలి, అది మీకు నచ్చకపోతే 15 రోజుల్లోగా సమీక్ష కోరవచ్చు, దాని తరువాత మరొక సమీక్ష సెబీ స్థాయిలో ఉంటుంది. చాలామంది నివేదిక వచ్చిన మెయిలును చూడక ఆ 15 రోజులను పోగొట్టుకుంటారు. గడువు దాటితే ఫిర్యాదు మూసివేతకు వెళుతుంది.

స్కోర్స్‌లో అధికారి కాగితాలను చూస్తాడే తప్ప, ఫోన్‌లో ఎవరు ఏమన్నారన్న సాక్ష్యాన్ని తూచి తీర్పు చెప్పడు. బ్రోకరు రికార్డింగు ఉందని, మీరు 250 అన్నారని గట్టిగా నిలబడితే, సెబీ 2023లో ఏర్పాటు చేయించిన ఆన్‌లైన్ వివాద పరిష్కార వేదికకు, smartodr.in చిరునామాకు వెళ్లడమే సరైన దారి. అక్కడ మొదట రాజీ ప్రయత్నం జరుగుతుంది, దానికి ఖాతాదారు రుసుము చెల్లించనక్కరలేదు. కుదరకపోతే మధ్యవర్తిత్వం ఉంటుంది, దానికి రుసుము ఉంది. లక్ష రూపాయల లోపు వివాదాలను కాగితాల ఆధారంగానే తేలుస్తారు కాబట్టి మీరు హైదరాబాదుకో ముంబైకో తిరగవలసిన పని ఉండదు. కాగితాలే మాట్లాడతాయి కనుకనే మొదటి ఫిర్యాదును అంత జాగ్రత్తగా రాయమంటున్నాను. ఈ వేదికలో కేసు మొదలుపెడితే స్కోర్స్‌లో ఉన్న ఫిర్యాదును ముగిసినట్టు పరిగణిస్తారు, కాబట్టి రెండూ ఒకేసారి నడుపుదామని అనుకోకండి. నా అభిప్రాయంలో 3,745 రూపాయలకు మధ్యవర్తిత్వం దాకా వెళ్లడం లాభసాటి కాదు. రాజీ దశలోనే తేలేందుకు మీ వాట్సాప్, ఆర్డరు నంబరు సరిపోతాయి. కానీ 50 షేర్లకు వేరే ఆర్డరు నంబరు ఉందని తేలితే, ఇలాంటివి మీ ఖాతాలో ఇంతకు ముందు జరిగి ఉండవచ్చు. అప్పుడు పాత కాంట్రాక్టు నోట్లన్నీ వెతికి మొత్తం కలిపి ఒకే ఫిర్యాదుగా తేవడం మేలు. నమోదులో సందేహాలుంటే సెబీ టోల్ ఫ్రీ నంబరు 1800 22 7575కు ఫోన్ చేయవచ్చు.

రికార్డింగు వినిపించమన్నప్పుడు, వినేముందే దేనికైనా సిద్ధంగా ఉండండి. అందులో మీ గొంతు "రెండొందల యాభై" అని ఉంటే ఫిర్యాదు అక్కడితో చాలావరకు నిలవదు, వాట్సాప్‌లో వాళ్లు 200 అని రాసిన పొరపాటు మాత్రమే మిగులుతుంది. శబ్దం స్పష్టంగా లేకపోతే, డీలరు ఆర్డరును మీకు తిరిగి చదివి వినిపించాడా లేదా అని చూడండి. తిరిగి చదవకుండా వేసిన ఆర్డరులో అస్పష్టత ఉంటే ఆ మాటను ఫిర్యాదులో పట్టుకోవచ్చు. వినిపించిన భాగం మధ్యలో మొదలై మధ్యలో ముగిస్తే పూర్తి కాల్ అడగండి, దాని నిడివిని మీ ఫోన్‌లోని కాల్ చరిత్రతో పోల్చండి.

డబ్బు తిరిగి వచ్చినా ఒక పని మిగులుతుంది. మీ కాంట్రాక్టు నోటులోనూ, బ్రోకరు ఇచ్చే ఏడాది లాభనష్టాల పట్టికలోనూ 250 షేర్ల అమ్మకమే ఉంటుంది. ఆదాయపు పన్ను రిటర్నులో మూలధన లాభం లెక్క కట్టేటప్పుడు మీ డీమ్యాట్ నుంచి పోయిన 200కే లెక్క రావాలి. అందువల్ల సరిచేసిన పట్టికను, 50 షేర్ల లావాదేవీ మీది కాదని ఒప్పుకున్న లేఖను బ్రోకరు నుంచి రాతపూర్వకంగా తీసుకుని, ఆ రిటర్ను కాగితాలతో కలిపి దాచండి.